నలుగురు మేస్త్రీలకి 27 రోజులు, ఆరుగురికి 24: లెవలింగ్, స్మూతింగ్‌లలో ఏది ఎంచుకోవాలి

షెడ్యూల్ వేసేటప్పుడు మొదట పనుల వరుస, రోజుల లెక్క మాత్రమే చూస్తాం. ఎవరు ఎన్ని రోజులు ఎక్కడ ఉండాలో ఆ తరవాత చూస్తే, ఒక వారం తొమ్మిది మంది మేస్త్రీలు కావాల్సి వస్తుంది, మరుసటి వారం ఇద్దరు చాలు. ఈ ఎగుడుదిగుడును సరిచేయడానికి రెండు పద్ధతులున్నాయి. చివరి తేదీని కదల్చకుండా, పనులకున్న వెసులుబాటులోనే జరిపితే అది రిసోర్స్ స్మూతింగ్. మనుషుల సంఖ్యకు ఒక హద్దు పెట్టి, ఆ హద్దు దాటకుండా పనుల్ని వెనక్కి నెడితే, అవసరమైతే చివరి తేదీని కూడా జరగనిస్తే, అది రిసోర్స్ లెవలింగ్.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది మీ చేతిలో కదలనిది ఏదన్నదే. గృహప్రవేశం ముహూర్తం కుదిరిపోయిందంటే కదలనిది తేదీ, అప్పుడు స్మూతింగ్. మీ దగ్గర నలుగురే మేస్త్రీలున్నారు, ఐదోవాడు దొరకడంటే కదలనివి మనుషులు, అప్పుడు లెవలింగ్. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది, లెవలింగ్ చేస్తే తేదీ ఎంత జరుగుతుంది, స్మూతింగ్ ఎక్కడిదాకా పనిచేస్తుంది అనేది. అది లెక్క వేస్తేనే కనబడుతుంది. అందుకే ఇక్కడ ఒకే ఒక ఉదాహరణను చివరిదాకా తీసుకెళ్దాం.

ఉదాహరణ: శ్లాబు పడ్డాక మిగిలిన పని

శ్లాబు పడి, సెంట్రింగ్ విప్పేసిన ఒక అంతస్తు ఇల్లు. ఇక గోడలు కట్టాలి, పూతలు వేయాలి, టైల్స్ పరచాలి. బయట ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు ఉన్నాయి. మనం చూసే రిసోర్స్ తాపీ మేస్త్రి ఒక్కడే. టైల్స్ వేసేవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు వేరే బ్యాచ్‌లు.

| పని | రోజులు | మేస్త్రీలు | దేని తరవాత |
|---|---|---|---|
| ఇటుక కట్టుబడి | 6 | 4 | – |
| గోడల్లో కరెంటు పైపులు | 3 | 0 | కట్టుబడి |
| లోపలి ప్లాస్టరింగ్ | 8 | 4 | కరెంటు పైపులు |
| టైల్స్ | 7 | 0 | లోపలి ప్లాస్టరింగ్ |
| బయటి ప్లాస్టరింగ్ | 6 | 2 | కట్టుబడి |
| బయటి గోడలకు నీటి పైపుల బిగింపు | 4 | 0 | బయటి ప్లాస్టరింగ్ |
| ప్రహరీ గోడ | 5 | 3 | – |
| గేటు | 2 | 0 | ప్రహరీ |
| సెప్టిక్ ట్యాంకు కట్టుబడి | 4 | 2 | – |
| ట్యాంకుకు పైపులు | 3 | 0 | ట్యాంకు |

నీళ్లు పట్టే రోజుల్ని, పూత ఆరే రోజుల్ని లెక్క తేలిగ్గా ఉండడానికి ఇందులో కలపలేదు. మీ షెడ్యూల్‌లో వాటిని పనుల మధ్య ల్యాగ్‌గా పెట్టాలి. ల్యాగ్‌కు మనిషి అక్కర్లేదు, కానీ రోజులు తింటుంది.

అన్నిటికంటే పొడవైన వరుస కట్టుబడి, కరెంటు పైపులు, లోపలి ప్లాస్టరింగ్, టైల్స్: 6, 3, 8, 7 కలిపితే 24 రోజులు. ఇదే క్రిటికల్ పాత్. ఈ వరుసలో ఏ పని ఒక రోజు ఆగినా ఇల్లు ఒక రోజు ఆలస్యమవుతుంది. మిగతా పనులకు వెసులుబాటు ఉంది, దాన్నే ఫ్లోట్ అంటారు. బయటి ప్లాస్టరింగ్ 7వ రోజున మొదలైతే దాని వెనక వచ్చే పైపులు 16వ రోజుకు అయిపోతాయి, అంటే 8 రోజుల ఫ్లోట్. ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు మొదటి రోజే మొదలైతే వాటి వరుసలు రెండూ 7వ రోజుకల్లా ముగుస్తాయి, అంటే చెరో 17 రోజుల ఫ్లోట్.

అన్నిటినీ వీలైనంత తొందరగా మొదలుపెడితే మేస్త్రీల లెక్క ఇలా తేలుతుంది: మొదటి 4 రోజులు తొమ్మిది మంది, 5వ రోజు ఏడుగురు, 6వ రోజు నలుగురు, 7 నుంచి 9 వరకు ఇద్దరు, 10 నుంచి 12 వరకు ఆరుగురు, 13 నుంచి 17 వరకు నలుగురు, ఆ తరవాత ఎవరూ అక్కర్లేదు. మొత్తం 91 మేస్త్రీ-రోజుల పని. ఏ ప్లాన్ వేసినా ఈ 91 మారకూడదు. మీరు పనులు జరిపాక ఈ మొత్తం మారిందంటే ఎక్కడో ఒక పనిని రెండుసార్లు లెక్కేశారు, లేదా వదిలేశారు. ప్రతి సర్దుబాటు తరవాతా ఈ కూడిక చేయడం అలవాటు చేసుకోండి.

ముందు స్మూతింగ్ చేసి చూద్దాం

24వ రోజు కదలకూడదు. అందుకని క్రిటికల్ పాత్‌ను ముట్టుకోం. కట్టుబడి 1–6, లోపలి ప్లాస్టరింగ్ 10–17, రెండిటికీ నలుగురేసి మేస్త్రీలు. ఇవి నేల మీద పాతిన రాళ్లలాంటివి. మిగిలిన మూడు పనుల్ని వాటి చుట్టూ సర్దాలి.

ప్రహరీకి ముగ్గురు కావాలి. అది నలుగురున్న రోజుల మీద పడితే ఏడుగురవుతారు. మధ్యలో 7–9 ఖాళీగా ఉన్నా అది మూడు రోజులే, ప్రహరీకి ఐదు కావాలి. కాబట్టి దాన్ని 18–22కు తోసేద్దాం, 23, 24 రోజుల్లో గేటు. సరిగ్గా సరిపోయింది, కానీ దాని 17 రోజుల ఫ్లోట్ మొత్తం కరిగిపోయింది.

బయటి ప్లాస్టరింగ్ 20వ రోజులోపు అయిపోవాలి, లేకపోతే పైపుల బిగింపు 24 దాటుతుంది. 7వ రోజుకు ముందు మొదలవదు. ఆరు రోజుల పని. 7–12లో పెడితే 10, 11, 12 రోజుల్లో లోపలి ప్లాస్టరింగ్ మీద పడుతుంది. చివరికంటా జరిపి 15–20లో పెట్టినా 15, 16, 17 మీద పడుతుంది. మధ్యలో ఎక్కడ పెట్టినా అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంటే పని ముక్కలు చేయకుండా 24 రోజుల్లో ముగించాలంటే కనీసం ఆరుగురు మేస్త్రీలు ఉండి తీరాలి. స్మూతింగ్ ఇంతకంటే కిందికి దించలేదు. ఈ హద్దును ముందే కనిపెట్టడం ముఖ్యం, లేకపోతే ఐదుగురికి సరిపెట్టాలని గంటల తరబడి పనుల్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటాం.

సెప్టిక్ ట్యాంకును 18–21లో పెడితే దాని ఫ్లోట్ కూడా మొత్తం కరిగిపోతుంది, అందుకని మిగతా చోట్లలో రెండిటిని పోల్చి చూద్దాం. 1–4లో పెట్టవచ్చు, 13–16లోనూ పెట్టవచ్చు. రెండు చోట్లా ఆ రోజుల లెక్క ఆరే అవుతుంది. ఏది మేలు? పాఠ్యపుస్తకాల్లో చెప్పే కొలత ఒకటుంది: ప్రతిరోజు మేస్త్రీల సంఖ్యను వర్గం చేసి అన్నిటినీ కూడితే, ఎంత తక్కువొస్తే షెడ్యూల్ అంత చదునుగా ఉన్నట్టు. మొదటి షెడ్యూల్‌కు ఆ మొత్తం 589. సర్దాక, ట్యాంకును 1–4లో పెడితే 421, 13–16లో పెట్టినా 421. కొలత ప్రకారం రెండూ ఒకటే. సైట్‌లో మాత్రం ఒకటి కావు. 1–4లో పెడితే అదనపు ఇద్దరు మేస్త్రీలు నాలుగు రోజులు వచ్చి వెళ్లిపోవాలి, మళ్లీ 7వ రోజున రావాలి. మధ్యలో రెండు రోజులు వాళ్లు వేరే సైట్‌కు పోతే 7వ రోజున తిరిగొస్తారన్న నమ్మకం లేదు. 13–16లో పెడితే అదే ఇద్దరు 7వ రోజున వచ్చి 12 దాకా బయటి పూత వేస్తారు, 13న ట్యాంకు దగ్గరికి మారి 16న ముగిస్తారు. పది రోజులు వరుసగా ఒకే సైట్, ఒకే బ్యాచ్. ఎంచుకోవాల్సింది ఇదే.

ఇలా తొమ్మిది నుంచి ఆరుకు దిగాం, తేదీ కదల్లేదు. కానీ స్మూతింగ్‌కు ఒక ధర ఉంది. ఇప్పుడు క్రిటికల్ పాత్‌తో పాటు ప్రహరీ వరుస కూడా సున్నా ఫ్లోట్‌తో నడుస్తోంది. ప్రహరీ ఇటుక ఒక రోజు ఆలస్యంగా దిగితే, గేటు కూడా ఒక రోజు ఆలస్యమై 24 కాస్తా 25 అవుతుంది. మొదటి షెడ్యూల్‌లో అయితే అదే ఆలస్యాన్ని ఎవరూ గమనించేవాళ్లు కూడా కాదు. కాగితం మీద తేదీ మారకపోయినా, ఆ తేదీ తప్పే అవకాశం పెరిగింది. స్మూతింగ్ చేసినవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

ఇంకో మాట. ఫ్లోట్‌లోపలే జరిపాం కదా, ఎవరికీ చెప్పనక్కర్లేదు అనుకోకండి. బయటి ప్లాస్టరింగ్‌కున్న 8 రోజులు దానికొక్కదానికే చెందినవి కావు, వెనకున్న పైపుల పనితో ఉమ్మడిగా ఉన్నవి. ప్లాస్టరింగ్‌ను ఒక్క రోజు జరిపినా ప్లంబర్ రావాల్సిన రోజు మారుతుంది. వెనక పనిని కదల్చకుండా జరపగలిగిన వెసులుబాటును ఫ్రీ ఫ్లోట్ అంటారు, ఇక్కడ అది సున్నా. చివరి తేదీని కదల్చకుండా జరపగలిగిన ఆ 8 రోజులు టోటల్ ఫ్లోట్. టోటల్ ఫ్లోట్ వాడుకునే ప్రతిసారీ వెనక పని చేసేవాళ్లకు ఫోన్ వెళ్లాలి.

ఇప్పుడు నలుగురే ఉన్నారనుకోండి

మేస్త్రీలు నాట్ల పనులకు ఊరెళ్లారు. నలుగురికి మించి దొరకరు. ఇది లెవలింగ్. తేదీ ఎంతవరకు పోతుందో చూద్దాం.

అందరికీ మొదట తట్టే సూత్రం: క్రిటికల్ పనికి మొదటి వంతు, మిగతావి ఆగాలి. ఆ లెక్కన కట్టుబడి 1–6, లోపలి ప్లాస్టరింగ్ 10–17 యథాతథంగా ఉంటాయి. మధ్యలో 7–9 మూడు రోజులు ఏ పనీ ముక్క కాకుండా పట్టదు, నలుగురూ ఖాళీ. 18న బయటి ప్లాస్టరింగ్, సెప్టిక్ ట్యాంకు కలిసి మొదలవుతాయి, ఇద్దరూ ఇద్దరూ నలుగురు. ట్యాంకు 21న ముగుస్తుంది, పూత 23 దాకా. ప్రహరీకి ముగ్గురు కావాలి కాబట్టి అది 24–28, గేటు 29–30. ఇల్లు 30వ రోజుకు పూర్తవుతుంది. ఆరు రోజుల ఆలస్యం. బయటి పూత కంటే ముందు ప్రహరీ కడితే ఇంకా పోతుంది, 32.

ఇప్పుడు ఆ సూత్రాన్ని పక్కన పెట్టి చూడండి. 7వ రోజున నలుగురూ ఖాళీగా ఉన్నారు కదా, బయటి ప్లాస్టరింగ్, ట్యాంకు రెండూ అప్పుడే మొదలుపెడదాం. ట్యాంకు 7–10, పూత 7–12. కరెంటు పైపులు 9కే అయిపోయినా లోపలి ప్లాస్టరింగ్ మూడు రోజులు ఆగి 13న మొదలవుతుంది, 20న ముగుస్తుంది. టైల్స్ 21–27. మేస్త్రీలు 21న ప్రహరీకి మారతారు, 21–25, గేటు 26–27. ఇల్లు 27వ రోజుకే పూర్తి.

క్రిటికల్ పనిని కావాలని మూడు రోజులు ఆపితే, ఆపకుండా వేసిన ప్లాన్ కంటే మూడు రోజులు ముందే ముగిసింది. ఒకసారి చూసి నమ్మబుద్ధి కాదు, అందుకే తేదీల్ని కాగితం మీద గీసి చూడమంటాను. కారణం సూటిగా ఉంది. మనుషులకు హద్దు పెట్టగానే పాత క్రిటికల్ పాత్ చెల్లదు. ఇప్పుడు అసలు గొలుసు పనుల వరుసతో పాటు మేస్త్రీల వరుసతో కూడా నడుస్తుంది: కట్టుబడి, బయటి పూత, ఆ మేస్త్రీలే లోపలికి మారి లోపలి పూత, ఆపైన టైల్స్. పాత పాత్‌కే వంతు ఇస్తూ పోతే, చెల్లని దాన్ని కాపాడుతున్నట్టే.

27 కంటే తగ్గదా? తగ్గదు, దానికి రుజువు చిన్నదే. ఆరుగురి కంటే తక్కువుంటే లోపలి, బయటి ప్లాస్టరింగ్‌లు ఒకే రోజు నడవలేవు. బయటిది ముందైతే లోపలిది 13కు ముందు మొదలవదు, 8 రోజుల పూత, 7 రోజుల టైల్స్ కలిపి 27. లోపలిది ముందైతే బయటిది 18కు ముందు మొదలవదు, 6 రోజుల పూత, 4 రోజుల పైపులు కలిపి అదీ 27. ముక్కలు చేయనంతవరకు అంతే.

ఈ రుజువు ఇంకో సంగతి కూడా చెబుతోంది, నిర్ణయానికి అదే ఎక్కువ పనికొస్తుంది. ఐదో మేస్త్రిని తెస్తే? అదే అడ్డు ఉంటుంది, మళ్లీ 27. అతనికి ఇచ్చిన కూలితో ఒక్క రోజు కూడా కలిసిరాదు. ఆరో మేస్త్రి వచ్చాకే ఒక్కసారిగా 24కు దిగుతుంది. మనుషులకూ రోజులకూ మధ్య సంబంధం సాఫీగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒకరిని అదనంగా తెచ్చే ముందు తరవాతి మెట్టు ఎక్కడుందో చూసుకోవాలి.

ముక్కలు చేస్తే ఏమవుతుంది

బయటి ప్లాస్టరింగ్‌ను మధ్యలో ఆపవచ్చా? గోడ మధ్యలో ఆపితే పాత పూతకూ కొత్త పూతకూ అతుకు కనబడుతుంది, అక్కడే పగులూ వస్తుంది. కానీ ఇంటి ఒక ముఖం పూర్తి చేసి మూల దగ్గర ఆపితే ఆ ఇబ్బంది లేదు. నాలుగు ముఖాల ఇంటిని మూడు రోజులు రెండు ముఖాలు, మూడు రోజులు రెండు ముఖాలుగా విడదీయవచ్చు.

అప్పుడు ఐదుగురితో ఒక ప్లాన్ కుదురుతుంది. 7–9లో రెండు ముఖాలు, పక్కనే ట్యాంకు మూడు రోజులు. 10–17 నలుగురూ లోపలి పూత. 18–20 మిగతా రెండు ముఖాలు, 18–22 ప్రహరీ, 21న ట్యాంకుకు మిగిలిన ఒక్క రోజు. మేస్త్రీల సంఖ్య మొదటి 17 రోజులూ నలుగురే, ఐదోవాడు 18 నుంచి 21 వరకు నాలుగు రోజులు కావాలి, 22న ముగ్గురు చాలు. కూడి చూస్తే 91 సరిపోతుంది. ఇల్లు 24వ రోజుకే పూర్తి.

కళ్లకు ఇది అన్నిటికంటే అందమైన ప్లాన్. నేను మాత్రం దీన్ని చివరి ఎంపికగానే పెడతాను. మూడు కారణాలున్నాయి. మొదటిది, అన్ని వరుసలూ సున్నా ఫ్లోట్‌తో నడుస్తున్నాయి: పైపులు 21–24, గేటు 23–24, ట్యాంకు పైపులు 22–24, టైల్స్ 18–24. ఒక వానపడ్డ మధ్యాహ్నం చాలు దీన్ని చెదరగొట్టడానికి. రెండోది, స్కాఫోల్డింగ్ 12వ రోజుకే విప్పాల్సింది 20వ రోజుదాకా నిలబడాలి, లేదా విప్పి మళ్లీ కట్టాలి. దాని అద్దె రోజు లెక్కన పడుతుంది. మూడోది సులువుగా కళ్లు తప్పించుకునేది: బయటి గోడల పైపులు, ట్యాంకు పైపులు రెండూ ప్లంబర్లవే. 22, 23, 24 రోజుల్లో రెండు చోట్లా ఒకేసారి కావాలి. మేస్త్రీల్ని చదును చేస్తే ప్లంబర్ల దగ్గర గుట్ట పడింది. రెండో ప్లంబర్ బ్యాచ్ ఆ మూడు రోజులూ దొరికితేనే ఇది నిలబడుతుంది. ఆరుగురి ప్లాన్‌లో ఈ ఇబ్బంది లేదు, అక్కడ బయటి పైపులు 13–16, ట్యాంకు పైపులు 17–19. ఒక రిసోర్స్‌ను సర్దిన వెంటనే రెండో రిసోర్స్ లెక్క తీయండి, ఇదొక్కటి తప్పనిసరి.

సాఫ్ట్‌వేర్‌లో చేసేటప్పుడు

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఈ రెండిటికీ వేరు వేరు బటన్లు లేవు. Leveling Options తెరిస్తే Level only within available slack అని ఒక చెక్‌బాక్స్ ఉంటుంది, ఇక్కడ slack అంటే ఫ్లోటే. అది పెట్టి లెవల్ చేస్తే దాదాపు స్మూతింగ్, తీసేసి చేస్తే లెవలింగ్. ప్రిమవెరా పీ6లోనూ లెవలింగ్ విండోలో ఇదే పనికి టోటల్ ఫ్లోట్ లోపలే జరపమనే ఎంపిక ఉంటుంది. చెక్ పెట్టి నడిపాక కూడా మేస్త్రీ ఓవర్‌అలొకేటెడ్ అని ఎర్రగా చూపిస్తే అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. మీరిచ్చిన సంఖ్యతో ఆ తేదీ కుదరదని చెబుతోంది. మన ఉదాహరణలో మేస్త్రీకి 400%, అంటే నలుగురు అని పెడితే జరిగేది అదే.

నడిపే ముందు మూడు పనులు చేయండి. బేస్‌లైన్ సేవ్ చేయాలి, లేకపోతే దేనితో పోల్చాలో ఉండదు. Leveling can create splits in remaining work అనే చెక్‌ను మీరు ఆలోచించి పెట్టాలి లేదా తీయాలి. పెట్టి ఉంటే సాఫ్ట్‌వేర్ గోడ మధ్యలోనైనా పూతను ఆపేస్తుంది, దానికి మూల ఎక్కడుందో తెలియదు. అసలు కదలకూడని పని ఏదైనా ఉంటే దాని Priority 1000 పెట్టండి, లెవలింగ్ దాన్ని ముట్టుకోదు. ఫలితం Leveling Gantt వ్యూలో చూడాలి, పాత తేదీలు కొత్త తేదీల పక్కనే కనబడతాయి. నచ్చకపోతే Clear Leveling నొక్కితే అది పెట్టిన ఆలస్యాలు తొలగిపోతాయి.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన తేదీ ఉత్తమమైన తేదీ అన్న గ్యారంటీ లేదు. అది కొన్ని సూత్రాల ప్రకారం గొడవపడే పనుల్లో ఏది ఆగాలో ఎంచుకుంటుంది, అంతే. మన ఉదాహరణలో క్రిటికల్ పనికి వంతు ఇచ్చే సూత్రం 30 ఇచ్చింది, చేత్తో వేస్తే 27 వచ్చింది. Leveling order మార్చి ఒకసారి, బయటి ప్లాస్టరింగ్ ప్రయారిటీ పెంచి ఒకసారి నడిపి చూడండి. రెండు మూడు సార్లు నడిపి తక్కువ తేదీ వచ్చిన దాన్ని ఉంచుకోవడం మామూలు పద్ధతే.

లెవలింగ్ అయ్యాక ఫ్లోట్ కాలమ్‌ను నమ్మకండి. 27 రోజుల ప్లాన్‌లో బయటి ప్లాస్టరింగ్ 12న ముగిసి, పైపులు 16న ముగుస్తాయి కాబట్టి దానికి 11 రోజుల ఫ్లోట్ ఉన్నట్టు లెక్క వస్తుంది. నిజానికి సున్నా. అది ఒక రోజు ఆగితే మేస్త్రీలు లోపలికి రారు, లోపలి పూత ఆగుతుంది, ఇల్లు 28కి పోతుంది. బయటి పూతకూ లోపలి పూతకూ మధ్య లింకు లేదు కాబట్టి లెక్కకు ఆ సంగతి తెలియదు. దీనికి మందు, బయటి ప్లాస్టరింగ్ నుంచి లోపలి ప్లాస్టరింగ్‌కు ఒక లింకు మీరే వేయడం. పేరులో గానీ నోట్‌లో గానీ 'మేస్త్రీల కోసం వేసిన లింకు' అని రాసిపెట్టండి. రేపు ఇంకో ఇద్దరు మేస్త్రీలు దొరికితే దాన్ని తీసేయాలి, ఎందుకు వేశారో గుర్తులేకపోతే ఎవరూ తీయరు.

ఎంచుకునేటప్పుడు

ఈ ఇంటికి నిజమైన పోటీ ఆరుగురితో 24, నలుగురితో 27 మధ్యే. పని మొత్తం రెండిటిలోనూ 91 మేస్త్రీ-రోజులే, కాబట్టి కూలి లెక్కలో పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది చుట్టూ ఉన్న ఖర్చుల్లో. ఒకవైపు మూడు రోజుల అదనపు సైట్ ఖర్చు, వాచ్‌మన్, మిక్సర్ అద్దె, ఇంటివాళ్లు కట్టే అద్దె, ఒప్పందంలో ఆలస్యానికి జరిమానా ఉంటే అది. మరోవైపు ఇద్దరు మేస్త్రీల్ని పది రోజులు తెచ్చే ఖర్చు, వాళ్ల కింద ఉండే కూలీలు, 7–9 రోజుల్లో ఖాళీగా ఉండే మొదటి నలుగురికి ఇచ్చే పైకం. ఈ చివరిది చాలామంది కలపరు. ఆరుగురి ప్లాన్‌లో మొదటి బ్యాచ్‌కు ఆ మూడు రోజులు పని లేదు. వాళ్లను ప్రహరీ మీద పెట్టి మూడు రోజుల పని చేయించి, మిగతా రెండు రోజులు 18, 19ల్లో చేయిస్తే ఆ ఖాళీ చాలావరకు పోతుంది, ప్రహరీకి మూడు రోజుల ఫ్లోట్ కూడా తిరిగొస్తుంది. ఇటుక గోడను వరస దగ్గర మెట్లుగా వదిలి ఆపడం కష్టమేమీ కాదు. ఆ మూడు రోజులూ లెక్క ఐదే అవుతుంది, ఆరు దాటదు.

ముహూర్తం ఖాయమైతే ఈ సవరణతో ఆరుగురి ప్లాన్ తీసుకోండి. ముహూర్తం లేకుండా మేస్త్రీలు దొరకడమే కష్టమైతే 27 రోజుల ప్లాన్, లోపలి ప్లాస్టరింగ్‌ను ఆపే ధైర్యంతో. రెండూ బిగుసుకున్నప్పుడు, అంటే 24 దాటకూడదు, నలుగురికి మించి లేరు అన్నప్పుడు, ఏ సర్దుబాటూ పనిచేయదు. అప్పుడు పనినే తగ్గించాలి: గేటు, ప్రహరీ గృహప్రవేశం తరవాతకు వాయిదా వేయొచ్చా అని ఇంటివాళ్లను అడగాలి. ప్రహరీని తీసేసినా లోపలి, బయటి పూతల గొడవ అలాగే ఉంటుంది కాబట్టి, అడగాల్సిన రెండో మాట బయటి పూతను రెండు రెండు ముఖాలుగా చేయడానికి, స్కాఫోల్డింగ్ 20వ రోజుదాకా ఉంచడానికి ఒప్పుకుంటారా అని. మూడో మాట ట్యాంకు గురించి: ఒక రోజు పని 18కి మిగులుతుంది, దాని పైపులు 19–21, బయటి గోడల పైపులు 21–24. ప్లంబర్లు 21న ఒక్కరోజు రెండు చోట్ల కావాలి, ఆ ఒక్కరోజుకు ఇంకొక మనిషిని మాట్లాడుకుంటే చాలు.